పది ముక్కల వీడియోకి ఒక్క పేరు

యూట్యూబ్‌లో తెలుగు హాస్య సన్నివేశాల కోసం వెతికితే ఒకే రకం పేర్లు వరసగా కనిపిస్తాయి. 'బ్యాక్ టు బ్యాక్ కామెడీ సీన్స్', 'బెస్ట్ కామెడీ సీన్స్', 'నాన్‌స్టాప్ కామెడీ'. అన్నీ గంటకు అటూఇటూ నడిచేవే. నిన్న రాత్రి సగం చూసి ఆపేసింది ఏదో, ఇవాళ కొత్తగా వచ్చింది ఏదో పేరును బట్టి చెప్పలేం. అయినా జనం వాటిని చూస్తూనే ఉంటారు. అక్కడ పేరు చేయాల్సిన పనిని బొమ్మ చేసేస్తుంది. థంబ్‌నెయిల్ మీద బ్రహ్మానందం ముఖం కనబడితే చాలు, లోపల ఏముందో చెప్పాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

ఆ వెసులుబాటు మామూలు చానెల్‌కి ఉండదు. ఇంట్లో వంటలు చేసి చూపించే గృహిణి, పదో తరగతి లెక్కలు చెప్పే మాస్టారు, మిద్దె మీద కూరగాయలు పండించే ఉద్యోగి రెండేళ్లలో వంద వీడియోలు పెడతారు. వాటిలో బాగా నడిచిన ముక్కలు తీసి, కలిపి, అరగంటో ముప్పావుగంటో ఉండే సంకలనం చేస్తారు. ఆలోచన మంచిదే. పాత వీడియోలు కొత్తవాళ్లకు అందుతాయి, విడివిడిగా వెతుక్కునే శ్రమ చూసేవాళ్లకు తప్పుతుంది. చిక్కంతా పేరు పెట్టేటప్పుడు వస్తుంది. లోపల తొమ్మిది విషయాలున్నాయి, పేరు ఒక్కటే పెట్టాలి. తొమ్మిదీ రాస్తే చాంతాడంత అవుతుంది. ఒక్కటే రాస్తే మిగతా ఎనిమిదీ మరుగున పడతాయి. అన్నిటికీ సరిపోయే మాట ఏదైనా ఉందా అని చూస్తే 'బెస్ట్ టిప్స్' తగులుతుంది. అది అన్నిటికీ సరిపోతుంది కాబట్టే దేని గురించీ ఏమీ చెప్పదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. దాటే దారి ఉంది. సంకలనానికి పేరు పెట్టేటప్పుడు లోపల ఏమేం ఉన్నాయన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టాలి. ఈ ముక్కల్నే ఎందుకు ఏరారు, వీటిని కలిపిన దారం ఏమిటి అన్నది అడగాలి. దానికి వచ్చే జవాబే పేరు అవుతుంది.

'మంచివి' అంటే ఎవరి కొలత?

ఏరి కూర్చడం యూట్యూబ్‌తో మొదలైంది కాదు. పాటల ఆల్బమ్‌లు, కవితా సంకలనాలు అమ్మినవాళ్లు ఈ చిక్కును ఎప్పుడో ఎదుర్కొన్నారు. బీటిల్స్ బృందం సంగతే చూడండి. 1973లో వాళ్ల పాటల్ని రెండు సంకలనాలుగా విడుదల చేసినప్పుడు ఒకదానికి '1962–1966' అనీ, రెండోదానికి '1967–1970' అనీ పేరు పెట్టారు. అక్కడ దారం కాలం. మీకు మొదటి రోజుల పాటలు ఇష్టమా, చివరి రోజులవా అన్నది తేల్చుకుంటే ఏది కొనాలో తెలిసిపోతుంది. 2000లో అదే బృందం పాటలు 27 ఏరి ఇంకో సంకలనం తెచ్చారు. దాని పేరు ఒకే ఒక్క అంకె: '1'. బ్రిటన్‌లో గానీ అమెరికాలో గానీ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరిన పాటలే అందులో ఉన్నాయి. ఇక్కడ దారం కొలత. రెండు సందర్భాల్లోనూ 'ఉత్తమ గీతాలు' అన్న మాట అవసరం పడలేదు. ఏ నియమంతో ఏరారో ఆ నియమాన్నే పేరు చేశారు.

మన దగ్గరా ఇలాంటిది ఉంది. కొత్త గొంతుతో రాస్తున్న కవుల్ని ఒకచోట చేర్చి 1935లో ముద్దుకృష్ణ వేసిన సంకలనానికి 'ఆధునిక కవితలు' అని పేరు పెట్టి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఆయన 'వైతాళికులు' అన్నారు. ఆ కవుల్ని తాను ఎందుకు ఎన్నుకున్నాడో ఆ ఒక్క మాటతో చెప్పేశారు. అందుకే సంకలనం పేరే ఒక తరానికి పేరుగా నిలిచింది.

వీడియో సంకలనాలకు కూడా దారాలు ప్రధానంగా మూడు రకాలు. ఒకటి హద్దు: ఫలానా కాలం, ఫలానా ఊరు, ఫలానా ప్రయాణం. రెండోది కొలత: ఎక్కువమంది అడిగినవి, ఎక్కువసార్లు చూసినవి, పది రూపాయలకు మించి ఖర్చు కానివి. మూడోది అవసరం: చూసేవాళ్లు ఏ ఇబ్బందిలో ఉన్నప్పుడు ఈ ముక్కలన్నీ ఒకేసారి పనికొస్తాయో అది. 'బెస్ట్' అన్న మాట వాడకూడదని కాదు, దాని పక్కన కొలత లేకపోవడమే లోపం. 'బెస్ట్ లెక్కల వీడియోలు' అంటే ఎవరికి బెస్టో తెలియదు. 'పది పరీక్షల ముందు పిల్లలు ఎక్కువగా అడిగిన 8 లెక్కలు' అంటే ఎవరు ఏరారో, ఎందుకు ఏరారో తెలుస్తుంది. అది తనకు పనికొస్తుందో లేదో ఆ పిల్లవాడే తేల్చుకుంటాడు.

మూడు రకాల్లోనూ చిన్న చానెల్‌కి ఎక్కువగా అక్కరకొచ్చేది అవసరం. హద్దూ కొలతా చానెల్‌ని ముందే ఎరిగినవాళ్లకు రుచిస్తాయి. '2024లో మా వీడియోలు' అన్న పేరు పాత చుట్టాలనే పిలుస్తుంది. అవసరం మాత్రం చానెల్ పేరు కూడా వినని మనిషిని ఆపి నిలబెడుతుంది.

తొమ్మిది ముక్కల మిద్దెతోట

చేతితో చేసి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. మిద్దెతోట చానెల్ ఒకటి ఉందనుకుందాం. యజమాని పాత వీడియోల నుంచి తొమ్మిది ముక్కలు తీసి పెట్టుకున్నారు. నీడవల కట్టడం. కుండీల్లో మట్టి మీద ఎండుటాకులు పరచడం. ఏ వేళకు నీళ్లు పెట్టాలి. పిండినల్లికి వేపనూనె కొట్టడం. సొర, బీర పూలకు చేత్తో పరాగసంపర్కం చేయడం. కొబ్బరిపొట్టు కలిపిన మట్టి మిశ్రమం. కుండీ అడుగున రంధ్రాలు పూడుకుపోతే చేయాల్సింది. పాత విత్తనాలు మొలుస్తాయో లేదో పరీక్షించడం. వంటింటి చెత్తతో ఎరువు. అన్నీ కలిపితే నలభై నిమిషాలు.

వీటన్నిటికీ కలిపి ఆయనకు మొదట తట్టే పేరు దాదాపు ఇలా ఉంటుంది:

'మిద్దెతోట చిట్కాలు | బెస్ట్ గార్డెనింగ్ టిప్స్ | టాప్ టెర్రస్ గార్డెన్ ఐడియాస్ | పార్ట్ 3'

ఇందులో ఒకే సంగతిని మూడుసార్లు చెప్పారు. చిట్కాలు, టిప్స్, ఐడియాస్ మూడూ ఒకటే. ఇలా రాస్తే వెతికేవాళ్లకు ఎక్కువగా దొరుకుతుందన్న నమ్మకం ఉంది గానీ, వెతికేవాళ్లు 'బెస్ట్ గార్డెనింగ్ టిప్స్' అని వెతకడం తక్కువ. 'సొరపిందె రాలిపోతోంది', 'ఎండకి మొక్కలు మాడిపోతున్నాయి' అని వెతుకుతారు. ఈ పేరులో ఆ ఇబ్బందులు ఒక్కటీ లేవు.

ఇప్పుడు దారం వెతుకుదాం. ఒక కాగితం మీద తొమ్మిది ముక్కలూ వరసగా రాసి, ప్రతిదాని పక్కన ఒక్క ప్రశ్నకు జవాబు రాయాలి: ఇది మనిషికి ఎప్పుడు అవసరం పడుతుంది? నీడవల, ఎండుటాకులు, నీళ్ల వేళలు మూడింటికీ జవాబు ఎండాకాలమే. పిండినల్లి పొడి ఎండల్లోనే బాగా విజృంభిస్తుంది కాబట్టి అదీ ఈ వరసలోకే వస్తుంది. సొర, బీర పాదులకు వేడి ఎక్కువైతే మగపూలు ఎక్కువగా, ఆడపూలు తక్కువగా వస్తాయి. పైగా ఆ పూలు విచ్చుకునేది సాయంత్రం పూట. అప్పటికి తేనెటీగల సందడి తగ్గిపోతుంది. ఉన్న కాసిని ఆడపూలనైనా చేత్తో కాపాడుకోవాలంటే అదీ ఎండాకాలపు పనే. కొబ్బరిపొట్టు తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఆ మట్టి మిశ్రమమూ ఇందులో ఒదుగుతుంది.

మిగిలినవి మూడు. కుండీ రంధ్రాలు పూడుకుపోతే కష్టం తెలిసేది వానాకాలంలో. విత్తనాల పరీక్ష నాట్ల ముందు పని. వంటింటి చెత్తతో ఎరువు ఏడాది పొడవునా చేసుకునేది. ఈ మూడూ ఎంత బాగున్నా ఈ సంకలనంలో ఇమడవు. వీటిని తీసి పక్కన పెట్టాలి. ఇది కాస్త కష్టంగా ఉంటుంది, ఎందుకంటే బాగా నడిచిన ముక్క ఆ మూడింటిలోనే ఉండొచ్చు. అయినా తీయాల్సిందే. పేరు మసకగా రావడానికి అసలు కారణం చాలాసార్లు పేరులో ఉండదు, పొందని ముక్కల్ని వదులుకోలేకపోవడంలో ఉంటుంది. దారం దొరికాక ఏ ముక్క ఉండాలో, ఏది పోవాలో అదే చెబుతుంది. కాబట్టి పేరు ఆలోచించాల్సింది ఎడిటింగ్ పూర్తయ్యాక కాదు, కత్తెర పట్టకముందే.

రెండు కొసలు పట్టుకుంటే చాలు

ఆరు ముక్కలు మిగిలాయి. దారం: ఎండల్లో తోట నిలబడటం. ఇదొక్కటే పేరుగా పెడితే స్పష్టంగానే ఉంటుంది గానీ, లోపల ఒక్క విషయం కాదు, చాలా ఉన్నాయన్న సంగతి తెలియదు. ఆరింటినీ జాబితాగా రాస్తే పేరు చదవడానికి ఓపిక ఉండదు. ఇక్కడ తెలుగులో మనకు చేతికి అందే వాక్యం ఒకటుంది: 'ఇక్కడి నుంచి అక్కడి దాకా'. రెండు కొసలు చెప్తే మధ్యలో ఉన్నవి చదివేవాళ్లే ఊహించుకుంటారు.

అయితే ఏ రెండు కొసలు చెప్పాలన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. మొదటిసారి ఇలా రాశామనుకుందాం: 'ఎండల్లో మిద్దెతోట నిలబడాలంటే: నీడవల నుంచి నీళ్ల వేళల దాకా'. బాగానే ఉన్నట్టుంది. కానీ నీడా నీళ్లూ పక్కపక్క విషయాలే. చదివినవాళ్లు ఇదంతా మొక్కల్ని చల్లగా ఉంచడం గురించే అనుకుంటారు. పురుగు సంగతి, పూత సంగతి వాళ్ల ఊహకు అందవు. కొసలు ఒకదానికొకటి దూరంగా ఉండాలి. నీడవలకు బాగా దూరంగా ఉన్నది సొరపూల ముక్క. అప్పుడు పేరు ఇలా మారుతుంది:

'ఎండల్లో మిద్దెతోట నిలబడాలంటే: నీడవల నుంచి సొరపూల దాకా 6 పనులు'

సొరపూలకీ ఎండకీ ఏమిటి సంబంధం అన్న ప్రశ్న సహజంగా పుడుతుంది, ఆ ప్రశ్నకు వీడియోలో నిజంగానే జవాబు ఉంది. ఆసక్తి రేపడానికి 'ఇది చూస్తే ఆశ్చర్యపోతారు' వంటి మాటలు అక్కర్లేదు. నిజంగా ఉన్న ఒక వింత వివరాన్ని పేరు చెప్పి చూపిస్తే చాలు. చివర్లో 'ఆరు' అన్న అంకె, ఇది ఒక్క పాఠం కాదు, కొన్ని పనుల గుత్తి అని చెబుతుంది. వీడియోలో ఐదే ఉంటే మాత్రం ఐదే రాయాలి. కింద వ్యాఖ్యల్లో లెక్కపెట్టేవాళ్లు తప్పకుండా ఉంటారు.

పేరులో చెప్పిన కొసలకు వీడియోలోనూ మర్యాద దక్కాలి. పేరులో వినిపించినవాటిలో ఒకటి వెంటనే మొదలవ్వాలి, రెండోది ఎక్కడుందో సులువుగా దొరకాలి. అందుకు అధ్యాయాలు ఉన్నాయి. వివరణలో సమయాలు రాసి ఒక్కోదాని పక్కన పేరు పెడితే యూట్యూబ్ వాటిని అధ్యాయాలుగా చూపిస్తుంది. మొదటి సమయం 00:00 అయి ఉండాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటీ పది సెకన్లకు తగ్గకూడదు. ఈ సంకలనానికి అవి ఇలా ఉండొచ్చు:

```
00:00 నీడవల ఎప్పుడు, ఎంత ఎత్తులో
05:10 మట్టి మీద ఎండుటాకుల పరుపు
09:40 నీళ్లు పెట్టే వేళలు
14:05 కొబ్బరిపొట్టు కలిపిన మట్టి
18:30 పిండినల్లికి వేపనూనె
23:15 సొరపూలకు చేతి సాయం
```

ఈ అధ్యాయాల పేర్లు అసలు పేరు మీది బరువును దించుతాయి. పేరులో ఇమడని నాలుగు విషయాలు ఇక్కడ విడివిడిగా, పూర్తిగా కనిపిస్తాయి. అన్నీ పేరులోనే కుక్కాలన్న ఆత్రం ఇక అక్కర్లేదు.

తెలుగు అక్షరాలకు తెర మీద చోటెంత?

యూట్యూబ్ పేరుకు 100 అక్షరాల పరిమితి పెట్టింది. చూడటానికి అది ఎక్కువే. కానీ మనం అక్షరం అనుకునేదీ, యంత్రం లెక్కపెట్టేదీ ఒకటి కాదు. మన కంటికి 'మిద్దెతోట' నాలుగు అక్షరాలు. యంత్రం గుణింతాన్నీ, వత్తునూ, హలంతాన్నీ విడివిడిగా లెక్కపెడుతుంది, దాని లెక్కలో అవి తొమ్మిది. ఇంగ్లిషు మాటల్ని తెలుగు లిపిలో రాస్తే ఈ ఖర్చు ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే వాటిలో పొల్లులూ సంయుక్తాక్షరాలూ ఎక్కువ. 'గార్డెనింగ్' ఒక్కటే పదకొండు తింటుంది.

పై రెండు పేర్లనూ ఇలా లెక్కపెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మొదటి పేరుకు 89 పట్టాయి. ఆ వీడియోను అంతకుముందు వచ్చిన రెండింటి నుంచి వేరు చేసే మాట 'పార్ట్ 3' ఒక్కటే, అది 82వ స్థానంలో మొదలవుతుంది. పొడవైన పేరు ఫోన్‌లో చాలాచోట్ల చివర కత్తిరించి, చుక్కలు పెట్టి కనిపిస్తుంది. అంటే తేడా చెప్పే ఆ ఒక్క మాటా కంటికి అందకుండా పోతుంది. రెండో పేరుకు 61 పట్టాయి. అందులో మొదటి 28లోనే 'ఎండల్లో మిద్దెతోట నిలబడాలంటే' అన్న అసలు సంగతి అయిపోతుంది. తర్వాతి సగం తెగిపోయినా చెప్పాల్సింది చెప్పేసినట్టే. ఈ లెక్క నుంచి పాటించాల్సిన పద్ధతి ఒకటే: ఈ వీడియోను మిగతావాటి నుంచి వేరు చేసే మాట ముందు రావాలి, అన్నిటికీ ఉండే మాట వెనక్కి పోవాలి.

ఇక లిపి సంగతి. మనవాళ్లు చాలామంది తెలుగు మాటల్నే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు. ఆ భయంతో ఒకే పేరును రెండు లిపుల్లోనూ రాసి, మధ్యలో నిలువు గీత పెడుతుంటారు. చిన్న పేర్లకు అది చెల్లుతుంది. సంకలనానికి చెల్లదు, అసలే చెప్పాల్సింది ఎక్కువ కాబట్టి. పేరుకు ఒక లిపి ఎంచుకుని, రెండోదాన్ని వివరణలో మొదటి రెండు వరుసల్లో మామూలు వాక్యంగా రాస్తే మేలు. `midde thota`, `terrace garden summer` వంటి మాటలు అక్కడ హాయిగా ఇముడుతాయి.

రెండోది, మూడోది, పదోది

ఒక్క సంకలనానికి మంచి పేరు పెట్టడం సులువే. అసలు పరీక్ష నాలుగోదానికి వస్తుంది. ఒకసారి బాగా నడిచిన పేరు అచ్చునే మళ్లీ వాడాలనిపిస్తుంది. '6 పనులు' అయ్యాక '7 పనులు', ఆ తర్వాత '10 పనులు'. కొన్నాళ్లకు చానెల్ పేజీ తెరిస్తే అంకెలు తప్ప ఏమీ మారని పేర్లు వరసగా కనిపిస్తాయి. చూసేవాళ్లు ఇది ముందే చూసేశామనుకుని దాటిపోతారు. నిజానికి లోపల ఉన్నది కొత్తదే అయినా.

మన మిద్దెతోటలో పక్కన పెట్టిన మూడు ముక్కలు ఇప్పుడు అక్కరకొస్తాయి. కుండీ రంధ్రాలు, విత్తనాల పరీక్ష రెండూ ఒకే కాలపు పనులు. వాటికి పాదులకు పందిరి సరిచేయడం వంటి మరో రెండు మూడు ముక్కలు తోడైతే ఇంకో సంకలనం తయారవుతుంది: 'తొలకరికి ముందే మిద్దె మీద: కుండీ రంధ్రాల నుంచి పాత విత్తనాల దాకా'. మొదటిదానికీ దీనికీ పోలిక ఉంది, గందరగోళం లేదు. ఒకటి ఎండకు, ఒకటి వానకు. రెండూ పక్కపక్కన కనిపిస్తే ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే వీలు లేదు.

ఒకే ముక్క రెండు సంకలనాల్లో రావచ్చా? రావచ్చు, అవసరం వేరైతే. సొరపూల ముక్కను 'పూత వస్తోంది, కాయ నిలవడం లేదా?' అన్న మరో సంకలనంలో పెట్టొచ్చు. అక్కడ దాని పక్కన ఉండేవి నీడవలలు కావు, పూత రాలడానికి సంబంధించినవి. కానీ ఆరు ముక్కల్లో నాలుగు పాతవే అయినప్పుడు పేరు మాత్రం మార్చి కొత్తదిగా చూపిస్తే, రోజూ చూసేవాళ్లు మోసపోయామనుకుంటారు. అది పేరుతో దాచగలిగే సంగతి కాదు.

వరసగా వచ్చే సంకలనాలన్నీ ఒక కుటుంబమని తెలియాలన్న కోరిక న్యాయమైనదే. దానికి పేరులో చోటు తినేయక్కర్లేదు. థంబ్‌నెయిల్ మీద ఒకే రంగు పట్టీ, ఒకే చోట చిన్న గుర్తు సరిపోతాయి. ప్లేలిస్టుకు వేరే పేరు ఎలాగూ ఉంటుంది, దానికి 150 అక్షరాల దాకా వీలుంది. వరస సంఖ్య కూడా అన్నిటికీ అవసరం లేదు. రెండోది అర్థం కావాలంటే మొదటిది చూసి తీరాలి అన్నప్పుడే 'రెండో భాగం' అనాలి. లేకపోతే ఆ మాట కొత్తవాళ్లను వెనక్కి పంపుతుంది, మొదటిది చూడలేదు కదా అని. సంవత్సరం రాయడమూ అంతే. ధరలు, పరీక్ష సిలబస్, ప్రభుత్వ నియమాల వంటి ఏటా మారేవాటికి సంవత్సరం కావాలి. సొరపూలకు అక్కర్లేదు. అక్కడ రాస్తే మరుసటి ఏడాదికి మంచి వీడియో పాతబడిపోయినట్టు కనిపిస్తుంది.

పేరు తప్పిందని ఎలా తెలుస్తుంది

యూట్యూబ్ స్టూడియోలో రెండు సంగతులు కలిపి చూడాలి. మొదటిది, వీడియో ఎంతమంది కంటపడింది, వాళ్లలో నూటికి ఎంతమంది నొక్కారు. సగం చానెళ్లకూ వీడియోలకూ ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతోంది. అంత విశాలమైన హద్దు కాబట్టి ఎదుటివాళ్ల చానెల్‌తో పోల్చుకుంటే ఏమీ తేలదు. మీ చానెల్‌లోనే, అంతే నిడివి ఉన్న పాత సంకలనానికి మొదటి వారంలో ఎంత వచ్చిందో దానితో పోల్చాలి. పైగా వీడియో కొత్తవాళ్లకు చేరే కొద్దీ ఈ శాతం తగ్గడం మామూలే, అది పేరు తప్పు కాదు.

రెండోది, నొక్కినవాళ్లు మొదటి ముప్పై సెకన్ల తర్వాత ఎంతమంది మిగిలారు. ఈ రెండూ కలిసి చెప్పే కథే అసలైనది. నొక్కేవాళ్లు తక్కువ, నొక్కినవాళ్లు మాత్రం చివరిదాకా ఉంటున్నారంటే లోపల సరుకు బాగుంది, పేరు మసకగా ఉంది. దారం మాట ముందుకు వచ్చిందో లేదో చూసుకోవాలి. నొక్కేవాళ్లు ఎక్కువ, ముప్పై సెకన్లకే సగం మంది పోతున్నారంటే పేరు చెప్పినది మొదట్లో కనబడలేదన్నమాట. ఆ రెండో స్థితిలో పేరును ఇంకా ఆకర్షణీయంగా చేస్తే నష్టం పెరుగుతుంది. ముక్కల వరస మార్చాలి, లేదా పేరును తగ్గించి చెప్పాలి. ఒకే వీడియోకి మూడు థంబ్‌నెయిల్స్ పెట్టి పోల్చుకునే సదుపాయం స్టూడియోలో ఉంది. అందులో కూడా యూట్యూబ్ గెలుపును నొక్కిన లెక్కతో తేల్చదు, ఎవరి వల్ల ఎక్కువసేపు చూశారన్న లెక్కతో తేలుస్తుంది.

మూడో ఆధారం చూసిన తీరు గీత. సంకలనంలో జనం ముందుకు దూకుతుంటారు. గీత ఎక్కడ ఎత్తుగా లేచిందో అక్కడి ముక్క కోసమే చాలామంది వచ్చారని అర్థం. మన ఉదాహరణలో గీత 18:30 దగ్గర, అంటే పిండినల్లి దగ్గర లేచిందనుకోండి. అప్పుడు కొసను మార్చవచ్చు: 'నీడవల నుంచి పిండినల్లి దాకా'. విడుదలయ్యాక కూడా పేరు మార్చుకోవచ్చు. అయితే పేరూ బొమ్మా ఒకే రోజు మార్చితే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు. పేరు మార్చి వారం ఆగి చూడాలి, బొమ్మ జోలికి తర్వాత వెళ్లాలి.

పేరు చేయలేని పనులు

పేరు ఎంత బాగున్నా కొన్నిటిని కాపాడలేదు. ఇతరుల వీడియోల నుంచి ముక్కలు తెచ్చి, తమవంటూ ఏ వ్యాఖ్యానమూ చేర్చకుండా అతికించిన సంకలనానికి యూట్యూబ్ నిబంధనల ప్రకారం ప్రకటనల ఆదాయం రాదు. కాపీరైటు చిక్కు దానికి వేరుగా ఉంటుంది. పేరు మార్చినంత మాత్రాన అది సొంతం కాదు.

ఇంకో ప్రమాదం, తొమ్మిది విషయాల్లో ఒకటి ఆ వారం అందరి నోళ్లలో నానుతుంటే దాన్నే పేరంతా పరచడం. నలభై నిమిషాల వీడియోలో దానికి దక్కేది ఇరవై సెకన్లు. వీడియోలో లేనిదాన్ని పేరులోనో థంబ్‌నెయిల్‌లోనో ఉందన్నట్టు చూపించే వీడియోల మీద, ముఖ్యంగా తాజా వార్తల విషయంలో, భారతదేశంలో చర్యలు గట్టిచేస్తామని యూట్యూబ్ 2024 డిసెంబరులో ప్రకటించింది. ఉన్నదాన్ని ఎక్కువ చేసి చెప్పడం ఆ గీతకు బాగా దగ్గర. నియమం సంగతి పక్కన పెట్టినా, ఇరవై సెకన్ల కోసం నలభై నిమిషాలు వెతికిన మనిషి ఆ చానెల్ పేరు గుర్తుపెట్టుకుంటాడు, మళ్లీ నొక్కకుండా ఉండటానికి.

చివరిగా, పేరు రాశాక ఒక పరీక్ష పెట్టుకోండి. దాన్ని తీసుకెళ్లి మీ పాత సంకలనాల్లో ఏదో ఒకదానికి తగిలించి చూడండి. అక్కడ కూడా అతికినట్టు సరిపోయిందంటే అది ఇంకా ఈ వీడియో పేరు కాలేదు. ఎంత తిప్పి రాసినా అలాగే సరిపోతుంటే పదాలను తిట్టుకోవద్దు. ముక్కల మధ్య దారం లేదన్నమాట. అప్పుడు ఆ కుప్పను రెండు మూడుగా విడదీసి, ఒక్కోదానికీ దాని అవసరాన్ని పేరుగా ఇవ్వండి. నలభై నిమిషాల పేరులేని వీడియో కన్నా, పదిహేను నిమిషాల చొప్పున రెండు వీడియోలు దేనికి పనికొస్తాయో స్పష్టంగా చెబుతూ నిలబడటం చూసేవాళ్లకే మేలు.